ఆ మూల ఏ గోడది?

మూడు గదుల ఇంటికి ముగ్గు పోశారు. పునాది కందకాలు తవ్వడం పూర్తయింది. మట్టి పని చేసిన మేస్త్రి టేపు పట్టుకుని కొలవడం మొదలుపెట్టాడు. ముందు కందకం ఈ కొస నుంచి ఆ కొస వరకు 8.5 మీటర్లు వచ్చింది. నడి గోడ కందకమూ, వెనక కందకమూ అంతే. పక్క కందకాలు కొసాకొసా 8 మీటర్ల చొప్పున రెండు, వెనక గదుల మధ్య అడ్డ కందకం 4.7 మీటర్లు. అన్నీ కూడితే 46.2 మీటర్లు. వెడల్పు 90 సెంటీమీటర్లు, లోతు ఒక మీటరు కాబట్టి మొత్తం 41.58 ఘనమీటర్ల తవ్వకం అని కాగితం మీద రాసి ఇంటాయన చేతిలో పెట్టాడు.

ఆ కొలతల్లో ఒక్కటీ తప్పు కాదు. టేపు సరిగ్గానే పట్టాడు, గుణకారమూ సరిగ్గానే చేశాడు. కానీ ఆ కందకాల నుంచి నిజంగా బయటికి వచ్చిన మట్టి 35.10 ఘనమీటర్లే. మిగతా 6.48 ఘనమీటర్లు ఎవరూ తవ్వలేదు. మన ఊళ్లలో మట్టి, కంకర, ఇసుక కొనే లెక్కలో, అంటే వంద ఘనపుటడుగులకు ఒక యూనిట్ చొప్పున చూస్తే, రెండు యూనిట్లకు పైగా లేని మట్టి అది. మేస్త్రి మోసం చేశాడని అనుకుంటే అతనికి అన్యాయం చేసినట్టే. ఆ మట్టి మూలల్లో పుట్టింది.

రెండు కాగితపు పట్టీలను బల్ల మీద ఎల్ ఆకారంలో ఒకదాని కొస మీద ఇంకొకటి పెట్టి చూడండి. మూల దగ్గర ఒక చదరం మీద రెండు పొరల కాగితం ఉంటుంది. కాగితాలకు అది తప్పు కాదు. నేలకు మాత్రం ఆ చదరం ఒక్కటే, దాన్ని తవ్వేదీ ఒక్కసారే. రెండు కందకాలనూ కొసాకొసా కొలిస్తే ఆ చదరం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. మన ఇంట్లో అలాంటి చదరాలు ఎనిమిది ఉన్నాయి. ఒక్కోటి 90 సెంటీమీటర్లకు 90 సెంటీమీటర్లు, లోతు ఒక మీటరు, అంటే 0.81 ఘనమీటరు. ఎనిమిదింటికీ కలిపి 6.48. ఎక్కువైన మట్టి లెక్క సరిగ్గా అక్కడికి తేలింది.

ఈ చిక్కు విప్పడానికి పుట్టిందే పాలిటెక్నిక్ పిల్లలకు ఎస్టిమేషన్ పాఠాల్లో మొదట్లోనే నేర్పే లాంగ్ వాల్ షార్ట్ వాల్ పద్ధతి, మన మాటల్లో పొడుగు గోడ పొట్టి గోడ పద్ధతి. దానిలో ఉన్న ఆలోచన ఒక్కటే. ప్రతి మూలనూ ఒకే గోడ ఖాతాలో రాయాలి. ఒక దిశలో నడిచే గోడలన్నిటికీ పొడుగు గోడలని పేరు పెట్టి మూలలన్నీ వాటికే ఇచ్చేస్తాం, అంటే వాటిని బయటి కొస నుంచి బయటి కొస వరకు కొలుస్తాం. వాటికి అడ్డంగా నడిచేవి పొట్టి గోడలు. అవి రెండు పొడుగు గోడల మధ్య మిగిలిన ఖాళీ వరకే, లోపలి అంచు నుంచి లోపలి అంచు వరకే లెక్కకు వస్తాయి. లెక్క పుస్తకంలో ఈ పంపకం జరిగినా కట్టుబడిలో అక్కడ అతుకు ఏమీ ఉండదు. మేస్త్రి మూల దగ్గర ఒక వరస రాయి ఇటు, ఒక వరస రాయి అటు నడిపి రెండు గోడలనూ కలిపే కడతాడు, కట్టాలి కూడా.

ఇక మన ఇంటి ప్లాను సంగతి. తూర్పు ముఖం ఇల్లు. ముందు హాలు లోపలి కొలత ఉత్తర దక్షిణాలు 7.3 మీటర్లు, తూర్పు పడమరలు 3 మీటర్లు. దాని వెనక పక్కపక్కనే రెండు గదులు. ఒకటి 4 మీటర్లు, ఇంకొకటి 3 మీటర్లు, రెండింటి లోతూ 3.5 మీటర్లు. పై గోడలన్నీ 30 సెంటీమీటర్ల మందం. తూర్పు గోడ, హాలుకూ గదులకూ నడుమ ఉన్న గోడ, పడమటి గోడ, ఈ మూడూ ఉత్తర దక్షిణాలుగా నడుస్తాయి. వీటిని పొడుగు గోడలనుకుందాం. అడ్డంగా నడిచే ముక్కలు ఐదు. హాలుకు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి. వెనక గదులకు అటూ ఇటూ ఒక్కొక్కటి, ఆ రెండు గదుల మధ్య ఇంకొకటి.

ఉత్తరపు గోడ ముందు నుంచి వెనక దాకా ఒకే గోడలా కనిపిస్తుంది కదా, దాన్ని రెండు ముక్కలు ఎందుకు చేశారని అడగవచ్చు. నడి గోడ దాన్ని మధ్యలో తాకుతుంది కాబట్టి. నడి గోడను పొడుగు గోడ అన్నప్పుడు అది ఉత్తరపు గోడను తాకే చోటి చదరం కూడా నడి గోడ ఖాతాకే పోతుంది. ఆ చదరానికి అవతల ఒక ముక్క, ఇవతల ఒక ముక్క మిగులుతాయి. ఒక్క గది లెక్క బాగా వచ్చినవాళ్లు కూడా రెండో గది చేరగానే తడబడేది ఇక్కడే. నాలుగు మూలల ఇంట్లో మూలలు కంటికి కనిపిస్తాయి. గదులు పెరిగితే ఒక గోడ మధ్యలో ఇంకో గోడ వచ్చి తగిలే చోట్లు, టీ ఆకారపు కూడళ్లు, పుడతాయి. మన ఇంట్లో ఎనిమిది చదరాలలో నాలుగు మూలలవి, నాలుగు ఇలాంటి కూడళ్లవి.

లెక్క మొదలుపెట్టే ముందు ప్రతి గోడకూ నడిగీత పొడవు తీసుకోవాలి. అంటే గోడ మందానికి సరిగ్గా మధ్యలో గీత గీసి, ఒక గీత నుంచి ఎదురు గీత వరకు దూరం. గది లోపలి కొలతకు అటు సగం మందం, ఇటు సగం మందం కలిపితే సరిపోతుంది. పొడుగు గోడలకు 7.3కు 0.3 కలిపితే 7.6. హాలు పక్కనున్న పొట్టి గోడలకు 3.3. వెనక గదుల పొట్టి గోడలకు 3.8. ఈ మూడు అంకెలూ కందకం అడుగు నుంచి పై గోడ దాకా మారవు. గోడ మందం పొర పొరకూ మారినా రెండు పక్కలా సమానంగా మారుతుంది కాబట్టి నడిగీత ఉన్న చోటే ఉంటుంది. అందుకే లెక్కంతా దాని మీద నిలబెడతారు.

ఇప్పుడు తవ్వకం. కందకం వెడల్పు 90 సెంటీమీటర్లు. పొడుగు గోడ నడిగీతకు అటు 45, ఇటు 45 సెంటీమీటర్లు, అంటే ఒక పూర్తి వెడల్పు కలుపుతాం. 7.6కు 0.9 కలిపితే 8.5 మీటర్లు, అలాంటివి మూడు, 25.5. పొట్టి గోడ నుంచి అదే వెడల్పు తీసేస్తాం. 3.3లో 0.9 పోతే 2.4, అలాంటివి రెండు, 4.8. 3.8లో 0.9 పోతే 2.9, అలాంటివి మూడు, 8.7. మొత్తం 39 మీటర్లు. వెడల్పుతో, లోతుతో గుణిస్తే 35.10 ఘనమీటర్లు. మేస్త్రి 46.2 మీటర్లకూ దీనికీ తేడా 7.2 మీటర్లు, అంటే ఎనిమిది చదరాలు, ఒక్కోటి 0.9.

ఇంతవరకు అర్థమయ్యాక చాలామంది ఆ 39 మీటర్ల పొడవునే పట్టుకుని పైన ఉన్న కాంక్రీటుకు, రాతి కట్టుబడికి, అన్నిటికీ వాడేస్తారు. రెండో పెద్ద తప్పు ఇదే. మొదటిదాని కంటే ఇది పట్టుకోవడం కష్టం, ఎందుకంటే వచ్చే అంకె నమ్మదగినదిగానే కనిపిస్తుంది.

పునాది పైకి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. మన ఇంట్లో కందకం అడుగున 20 సెంటీమీటర్ల మందం బెడ్ కాంక్రీటు ఉంది, అది కందకం నిండా 90 వెడల్పు. దాని మీద రాతి కట్టుబడి మొదటి మెట్టు 70 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు. రెండో మెట్టు 55 వెడల్పు, 40 ఎత్తు. అక్కడికి నేలమట్టం చేరుతుంది. నేల మీద బేస్‌మెంటు 40 వెడల్పు, 60 ఎత్తు. ఆ పైన 30 సెంటీమీటర్ల ఇటుక గోడ. వెడల్పు మారితే మూల చదరం పరిమాణమూ మారుతుంది. చదరం చిన్నదైతే పొడుగు గోడ అంత మేర కురచ అవుతుంది, పొట్టి గోడ అంత మేర సాగుతుంది.

పొడుగు గోడను చూడండి. కందకంలో 8.5 మీటర్లు, మొదటి మెట్టులో 8.3, రెండో మెట్టులో 8.15, బేస్‌మెంటులో 8 మీటర్లు. పైకి పోయేకొద్దీ తగ్గుతోంది. హాలు పక్క పొట్టి గోడ 2.4తో మొదలై 2.6, 2.75, 2.9గా పెరుగుతోంది. వెనక గదుల పొట్టి గోడ 2.9 నుంచి 3.1, 3.25, 3.4కు పోతోంది. ఇంకొక్క మెట్టు పైకి, 30 సెంటీమీటర్ల ఇటుక గోడ దాకా వెళ్తే పొట్టి గోడలు 3 మీటర్లు, 3.5 మీటర్లు అవుతాయి. అవి మనం మొదట ప్లానులో చదివిన గదుల లోపలి కొలతలే. పొడుగు గోడ 7.9కి వస్తుంది, అది ఇంటి బయటి కొలత. చేతి లెక్క చేసేవాళ్లకు ఇంతకంటే మంచి తనిఖీ లేదు. లెక్కను ఒక్క అడుగు ఎక్కువ నడిపి పై గోడ దాకా తీసుకెళ్లాలి. పొట్టి గోడ గది కొలతకు వచ్చి ఆగకపోతే కింద ఎక్కడో ఒక వెడల్పు తప్పు వేశారన్నమాట. పైకి వెళ్లేకొద్దీ పొట్టి గోడలు తగ్గుతూ, పొడుగువి పెరుగుతూ కనిపిస్తే కలపాల్సిన చోట తీసేశారు, తీసేయాల్సిన చోట కలిపారు.

రాతి కట్టుబడి పరిమాణం ఇప్పుడు తేలిక. మొదటి మెట్టు మొత్తం పొడవు 39.4 మీటర్లు, ఘనపరిమాణం 11.03 ఘనమీటర్లు. రెండో మెట్టు 39.7 మీటర్లు, 8.73 ఘనమీటర్లు. బేస్‌మెంటు సరిగ్గా 40 మీటర్లు, 9.60 ఘనమీటర్లు. మొత్తం రాతి కట్టుబడి సుమారు 29.37 ఘనమీటర్లు. అన్నిటికీ 39 మీటర్లే వాడి ఉంటే 28.86 వచ్చేది. అర ఘనమీటరు కట్టుబడి కాగితం మీద లేకుండా పోయేది. మట్టి లెక్కలో ఇంటాయన నష్టపోతే, ఈ లెక్కలో తాపీ మేస్త్రి నష్టపోతాడు. పని చేసినవాడి కూలి మూలల్లో ఇరుక్కుని కనిపించకుండా పోవడం నాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి, ఎందుకంటే మట్టి లెక్క ఎక్కువైతే అడిగేవాళ్లు ఉంటారు, రాయి లెక్క తక్కువైతే అడిగేవాళ్లు తక్కువ.

ఇక్కడ ఒక సందేహం తప్పక వస్తుంది. ఉత్తర దక్షిణాల గోడలనే పొడుగు గోడలు ఎందుకనాలి? తూర్పు పడమరల గోడలకు మూలలు ఇస్తే లెక్క మారదా? చేసి చూద్దాం. పక్క కందకాలు 8 మీటర్ల చొప్పున రెండు, అడ్డ కందకం 4.7. ఇవి పొడుగువి. తూర్పు కందకం లోపలి అంచుల మధ్య 6.7. నడి గోడ, పడమటి గోడ మాత్రం అడ్డ గోడ దగ్గర విరిగి 3.4, 2.4 చొప్పున రెండేసి ముక్కలవుతాయి, ఒక్కో గోడకు 5.8. అన్నీ కూడండి. మళ్లీ 39 మీటర్లే. పేరులో పొడుగు, పొట్టి అని ఉన్నా గోడ నిజంగా ఎంత పొడవుందన్నది లెక్కకు అక్కర్లేదు. చదరపు గదిలో ఏ జతనైనా పొడుగు గోడలనవచ్చు. ఒకసారి ఎంచుకున్న దిశను బెడ్ కాంక్రీటు నుంచి బేస్‌మెంటు దాకా మార్చకపోవడమే ముఖ్యం. మధ్యలో మార్చినా మొత్తం తప్పు కాదు కానీ, పొర పొరకూ పోల్చి చూసే తనిఖీ చేజారిపోతుంది. మెజర్‌మెంట్ బుక్కు పరిశీలించే ఇంజనీరుకూ అది తలనొప్పి.

వెడల్పు కలపాలి, వెడల్పు తీసేయాలి అని నేర్చుకున్నవాళ్లను దెబ్బతీసే చోటు ఇంకొకటి ఉంది. గోడలన్నిటి పునాదులూ ఒకే వెడల్పులో ఉన్నంతవరకే ఆ మాట నిజం. మన ఇంట్లో వెనక గదుల మధ్య గోడ మీద పెద్ద బరువు లేదనుకోండి. దాని కందకం 70 సెంటీమీటర్లే తవ్వారు, నడిగీతలు మారలేదు. దాని పొడవు ఎంత? నేర్చుకున్న సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుంటే 3.8 నుంచి దాని వెడల్పు 0.7 తీసేసి 3.1 అంటారు. కానీ ఆ గోడ వెళ్లి తాకేది నడి గోడ కందకాన్నీ, పడమటి కందకాన్నీ. ఆ రెండూ ఇప్పటికీ 90 సెంటీమీటర్లవే. వాటిలోకి 45 చొప్పున లోపలికి పోయిన భాగమే తీసేయాలి. కాబట్టి పొడవు 2.9 మీటర్లే. తన వెడల్పు తన పొడవును నిర్ణయించదు, తాను తగిలే గోడల వెడల్పు నిర్ణయిస్తుంది. పొడుగు గోడకూ ఇదే న్యాయం. అది తన కొసల్లో ఉన్న పొట్టి గోడల సగం సగం వెడల్పును కలుపుకుంటుంది. పక్క గోడల కందకాలు 70 అయితే 90 వెడల్పున్న తూర్పు గోడ పొడవు 7.6కు 0.7 కలిపి 8.3 అవుతుంది, 8.5 కాదు. వెడల్పులన్నీ సమానంగా ఉన్నప్పుడు ఈ రెండు సగాలూ కలిసి ఒక వెడల్పయ్యాయి, అందుకే తేడా కనిపించలేదు.

ఇంకో దారి కూడా ఉంది. నడిగీత పొడవులన్నీ కూడి, టీ కూడలి ఒక్కొక్కదానికి సగం వెడల్పు తీసేయడం. మన ఇంట్లో నడిగీతలు మొత్తం 40.8 మీటర్లు, కూడళ్లు నాలుగు. కందకానికి నాలుగు సగాలు, అంటే 1.8 తీసేస్తే 39. రెండు వరసల్లో లెక్క అయిపోతుంది. గోడలన్నీ ఒకే వెడల్పున్న ఇంటికి నేనూ దీన్నే సరిచూడటానికి వాడమంటాను. మెజర్‌మెంట్ బుక్కులో రాయడానికి మాత్రం పొడుగు గోడ పొట్టి గోడ లెక్కే మేలు. ఒక్కో గోడకు సంఖ్య, పొడవు, వెడల్పు, ఎత్తు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఏ వరసనైనా టేపు తీసుకెళ్లి అక్కడికక్కడే పరీక్షించవచ్చు. 39 అనే మొత్తాన్ని సైటులో ఎక్కడా కొలవలేం. 8.5ను కొలవగలం, 2.4ను కొలవగలం.

ఆ పరీక్షకు సమయం కూడా చూసుకోవాలి. కందకంలో బెడ్ పడ్డాక తవ్వకం అడుగు కనిపించదు. రెండో మెట్టు లేచాక మొదటి మెట్టు కనిపించదు. మెట్ల పక్కన మట్టి పూడ్చేశాక ఏమీ కనిపించదు. అందుకే ప్రతి పొరనూ కప్పేలోపే కొలవాలి. నల్లరేగడిలోనూ, వాన పడ్డ మట్టిలోనూ కందకం అంచులు జారి 90 కాస్తా 100, 110 అవుతాయి. కొలిస్తే అదే వస్తుంది కానీ, విడిగా ఒప్పందం లేకపోతే డబ్బు డ్రాయింగులో ఉన్న వెడల్పుకే. ఈ మాట తవ్వకం మొదలుకాకముందే అనుకోకపోతే చివర్లో తగవు తప్పదు.

అంతా కొలిచాక పూడిక మట్టి లెక్క మొత్తాన్ని మరోసారి పట్టి చూపిస్తుంది. కందకం 35.10. అందులో బెడ్ కాంక్రీటు 7.02, నేలలోపలి రెండు మెట్లు కలిపి 19.77. మిగిలిన ఖాళీ 8.31 ఘనమీటర్లు. అంత మట్టే కందకం పక్కలకు తిరిగి పడాలి. బేస్‌మెంటు నేల మీద ఉంది కాబట్టి దాన్ని ఇందులో తీసేయకూడదు. తీసేస్తే ఇక్కడ అంకె సున్నా కంటే కిందికి పోతుంది, తప్పు దానంతట అదే బయటపడుతుంది.

వంకర గోడలకు, ఏటవాలు మూలలకు ఈ పద్ధతి సరిపోదు, ఎందుకంటే అక్కడ మూల చదరం కాదు. పిల్లర్లతో కట్టే ఇళ్లలో గుంతలను ఒక్కొక్కటిగా పొడవు, వెడల్పు, లోతు చూసి లెక్కించాలి, వాటికి మూలల గొడవే లేదు. పిల్లర్ల మధ్య కట్టే బేస్‌మెంటు గోడను మాత్రం పిల్లరు ముఖం నుంచి ఎదురు పిల్లరు ముఖం వరకే కొలవాలి. మూలలో ఉన్న చదరం అప్పుడు ఏ గోడకూ చెందదు. అది పిల్లరు కాంక్రీటు ఖాతాలోకి పోతుంది.